పెట్టెల వ్యాపారికి జవాబు

పర్లాకిమిడి

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. అత్తయ్య కులాసాగా ఉంది. పెళ్ళిపనులు తెమిలాక ఆదివారానికి బరంపురం వచ్చేస్తాను. ఈలోగా విశాఖ అట్టపెట్టెల వ్యాపారికి నువ్వు రాసిన జవాబు పంపకు. ‘మీ ధర మాకు గిట్టదు’ అన్నావు. అది నిజం కాదు కదా.

లెక్క చూడు. అతని ధర పెట్టెకు 22 రూపాయలు. 3,000 పెట్టెలకు లారీ కిరాయి 4,500, అంటే పెట్టెకు రూపాయిన్నర. మన గుమ్మంలోకి వచ్చేసరికి 23.50. ఇప్పుడు మనకు ఇస్తున్నవారిది 24.50. నిజానికి అతనిదే ఒక రూపాయి తక్కువ! చిక్కంతా ఒకేసారి 3,000 తీసుకోవాలన్న దానితోనే. మనకు నెలకు పట్టేవి 750. మిగిలినవి ఈ వానాకాలమంతా మన గోదాములోనే ఉండాలి. నిరుడు అడుగు వరుస పెట్టె అంచును బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోవడం నువ్వూ చూశావు. అలా చెమ్మ పట్టిన పెట్టెలో పన్నెండు ఆవకాయ సీసాలు పెట్టి, పైన ఇంకో మూడు పెట్టెలు ఎక్కిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. పైగా సగం సొమ్ము ముందే కట్టాలి. ఆ రూపాయి ఆదా వీటికి చాలదు.

ధర ఎక్కువని రాస్తే అతను వారంలో 21కి దిగుతాడు. కాగితం పలచన చేసి దిగాడో, లాభం తగ్గించుకుని దిగాడో మనకెలా తెలుస్తుంది? ఇంకో మాట, పాతవారి ధర ఇతనికి చెప్పకు. మన ధర ఇంకొకరి దగ్గర పలికితే మనకు ఎలా ఉంటుంది?

ఇలా రాయి:

‘మీరు 4వ తేదీన పంపిన కొటేషన్, నమూనా పెట్టెలు అందాయి. నమూనాలో సీసాలు నింపి చూశాము, గట్టిగా ఉన్నాయి. అయితే మాకు నెలకు 750 పెట్టెలే పడతాయి. వానాకాలంలో 3,000 నిల్వ ఉంచే వీలు లేనందున ఈసారి ఆర్డరు ఇవ్వలేకపోతున్నాము. 1,000 చొప్పున పంపగలిగితే ఏ ధరకు, ఎంత అడ్వాన్సుతో ఇవ్వగలరో తెలియజేయండి. ఎలాగూ దసరా వెళ్ళాక వేసవి పచ్చళ్ళ కోసం మళ్ళీ కొటేషన్ అడుగుతాము.’

‘ఈసారి ఆర్డరు ఇవ్వలేకపోతున్నాము’ అన్న మాట తీసేయకు. ‘ఆలోచించి చెబుతాము’ అంటే అతను మనకోసం కాగితం పక్కన పెట్టుకుని రోజూ ఫోను చేస్తాడు. కొటేషన్ గడువు 19 వరకే, అంతకుముందే పంపించు. ఒకప్పుడు సీసాల వ్యాపారికి నేను అసలు జవాబే ఇవ్వలేదు. రెండేళ్ళకు అవసరపడి అడిగితే, మొత్తం సొమ్ము ముందే కట్టమన్నాడు. కట్టాను మరి.

దసరా వెళ్ళాక అతనికి రాయాలని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టు. నమూనా పెట్టెలు పారేయకు, వచ్చాక నేనూ చూస్తాను.

నాన్న