నోట్ ఫైలు ఎలా రాయాలో అడిగావు కదా

గుంటూరు, బ్రాడీపేట.
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం మొన్న అందింది. సీనియర్ అసిస్టెంట్ అయ్యావన్న కబురు రెండు లైన్లలో చెప్పి, నోట్ రాస్తే ఆఫీసరు వెనక్కి పంపేస్తున్నాడన్న బాధ రెండు పేజీలు రాశావు. ఆ బాధ నాకు తెలుసురా. మొన్నటికి మొన్న మా సెక్షన్‌లో జరిగిందే చెప్తాను, నీకు పనికొస్తుంది.

మా దగ్గర ఒక టైపిస్టు అమ్మాయి ఉంది. నిరుడు కాదు, అంతకుముందు ఏడు కాలు విరిగింది. వేరే సెలవేదీ మిగల్లేదు. అందుకని 1.2.2024 నుంచి 15.4.2024 వరకు 75 రోజులు జీతం లేని అసాధారణ సెలవు ఇచ్చారు. ఆమె ఇంక్రిమెంటు జూలై 1న. మామూలుగా ఈ సెలవు రోజులు ఇంక్రిమెంటుకు లెక్కలోకి రావు, కాబట్టి తేదీ 75 రోజులు జరిగి సెప్టెంబరు 14కి పోతుంది. 1974 నాటి జీవో 192 ప్రకారం ఇంక్రిమెంటు పడిన నెల ఒకటో తారీఖు నుంచే ఇస్తారు గనక 1.9.2024 అవుతుంది. రెండు నెలలేగా అనుకోకు. తేదీ ఒకసారి జరిగితే ప్రతి ఏడూ సెప్టెంబరే.

ఆమె అర్జీ పెట్టుకుంది. మా కుర్రాడు సగం పేజీ నోట్ రాశాడు: ‘అర్జీ పరిశీలించడమైనది. నిబంధనల ప్రకారం ఇంక్రిమెంటు జూలై 1 నుంచే మంజూరు చేయవచ్చు.’ ఆఫీసరు పక్కన ‘ఏ నిబంధన? నాకు అధికారం ఉందా?’ అని రాసి పంపేశాడు. కోపం రావాల్సిన పని లేదు, రెండూ సరైన ప్రశ్నలే. రెండోది నేను కూడా చూడలేదు.

సాయంత్రం ఇద్దరం కూర్చుని, వచ్చిన కాగితాలన్నీ ఉండే కరెంటు ఫైలు మొదటి పేజీ నుంచి తిరగేశాం. ఫండమెంటల్ రూల్స్‌లో 26వ రూలు, అదే ఎఫ్.ఆర్. 26 కింద, జబ్బు వల్లనో తన చేతిలో లేని కారణం వల్లనో తీసుకున్న అసాధారణ సెలవుని ఇంక్రిమెంటుకు లెక్కలోకి తీసుకోవచ్చు. కాని ఆ అనుమతి ఇచ్చేది మా ఆఫీసరు కాదు. 1976 నాటి జీవో 43 ప్రకారం ఆరు నెలల దాకా శాఖాధిపతి ఇవ్వొచ్చు, అది దాటితే ప్రభుత్వం దగ్గరికి పోవాలి. అంటే మావాడు రాసిన ప్రతిపాదన మీద మా ఆఫీసరు సంతకం పెట్టినా అది చెల్లదు. రేపు ఆడిట్‌లో పట్టుకుంటే ఆ అమ్మాయే డబ్బు తిరిగి కట్టాలి.

ఇంకో చిక్కు కూడా దొరికింది. సెలవు మంజూరు ఉత్తర్వులో ‘అసాధారణ సెలవు’ అని మాత్రమే ఉంది, వైద్య ధ్రువపత్రం మీద అన్న మాట లేదు. ధ్రువపత్రమేమో ఫైల్లోనే ఉంది, సెలవు మొదలైన తొమ్మిది రోజులకు తపాల్లో వచ్చినట్టు ముద్ర సహా. ఆ ఉత్తర్వు అలాగే పంపితే శాఖాధిపతి ఆఫీసు వాళ్లు ఆ ఒక్క మాట కోసం ఫైలు తిప్పి పంపేవాళ్లు.

కొత్త నోట్ ఇలా నడిచింది. ముందు ఏం జరిగిందో తేదీలతో, ప్రతి వాక్యం పక్కన కరెంటు ఫైలు పేజీ నంబరుతో. తొమ్మిది రోజుల ఆలస్యం కూడా దాచకుండా రాయించాను. మావాడు వద్దన్నాడు, ఆమెకి నష్టమేమో అని. కాని ఆఫీసరు మన మాట నమ్మి సంతకం పెడతాడు, వ్యతిరేకంగా ఉన్న కాగితం ఆయనకి తర్వాత వేరెవరో చూపించకూడదు. ఆ తర్వాత నిబంధన, దాని కింద ఎవరికి అధికారం, ఆరు నెలల పరిమితిలో ఈ 75 రోజులు ఎలా ఇముడుతాయి, సర్వీసు రిజిస్టరులో అంతకుముందు అసాధారణ సెలవు లేదన్న మాట. చివరి పేరా నీకోసం అచ్చంగా దించుతున్నాను:

‘పై కారణాల రీత్యా, సెలవు మంజూరు ఉత్తర్వుకు “వైద్య ధ్రువపత్రం మీద” అని చేర్చుతూ సవరణ ఉత్తర్వు జారీ చేయవచ్చును. అనంతరం, 75 రోజులను ఇంక్రిమెంటుకు లెక్కించుటకు అనుమతి కోరుతూ శాఖాధిపతికి లేఖ పంపవచ్చును. రెండు ముసాయిదాలు ఆమోదార్థం సమర్పించడమైనది.’

చూశావా, ఇందులో ఇంక్రిమెంటు మంజూరు అన్న మాటే లేదు. మా ఆఫీసరు చేయగలిగిన రెండు పనులే అడిగాం. సవరణ ముందు వెళ్లాలి, లేఖ తర్వాత. లేఖ వెంట రెండు ఉత్తర్వుల నకళ్లు, ధ్రువపత్రం, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, సర్వీసు రిజిస్టరు పేజీల నకలు పెట్టాం. ఆఫీసరు ఆ సాయంత్రమే ఆమోదించాడు.

విజయవాడ నుంచి అనుమతి పోయిన వారం వచ్చింది. ఇప్పుడు జూలై, ఆగస్టు బకాయి బిల్లు తయారుచేస్తున్నాం. ఆ అమ్మాయి వచ్చి మావాడికి దండం పెట్టింది, వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, నాక్కూడా.

నీకు తిరిగొచ్చిన నోట్ ఏదైనా ఉంటే పేర్లు కొట్టేసి నకలు పంపించు. ముందు ఆఖరి పేరా చదువుతాను, అక్కడ అడిగిన పని చేసే అధికారం ఆ ఆఫీసరుకి ఉందో లేదో చూసి చెప్తాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
మాధవ