హాలు ఫ్లోరింగ్ పనికి జమా ఖర్చుల వివరణ

మారతహళ్లిలో మన తెలుగు సంఘం హాలుకు టైల్స్ వేయించడానికి సభ్యులు ఇచ్చిన మొత్తం 2,49,000 రూపాయలు. టైల్స్, సిమెంటు, గమ్ముకు 1,38,600, పాత నేల పగలగొట్టి చెత్త తరలించడానికి 19,500, హెల్పర్లకు 24,000, మేస్త్రీల కూలి 57,200 ఖర్చయ్యాయి. మొత్తం 2,39,300. చేతిలో 9,700 మిగిలింది.

మేస్త్రీల కూలికి 48,000 చాలన్నాం కదా, 9,200 ఎందుకు పెరిగిందని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

హాలు 2,400 చదరపు అడుగులు. ఒక మేస్త్రీ రోజుకు 60 అడుగులు వేస్తే 40 పనిదినాలు, రోజుకు 1,200 చొప్పున 48,000. ఇదీ అంచనా. 1,100కే వస్తామన్న బృందాన్ని కమిటీ పెట్టుకుంది. వాళ్లకు 52 పనిదినాలు పట్టాయి. రోజుకు 100 చొప్పున 52 రోజులకు 5,200 మిగిలింది. ఇది రేటు తేడా. అదనంగా పట్టిన 12 రోజులను 1,200 లెక్కన కడితే 14,400 నష్టం. ఇది పనితనం తేడా. దీన్ని అంచనా రేటుతోనే కడతారు, లేకపోతే రేటులో వచ్చిన లాభం ఇందులో కలిసిపోయి లెక్క తికమకవుతుంది.

రేటు తేడా ఒక్కటే చూస్తే కమిటీ బాగా బేరమాడినట్టు కనిపిస్తుంది. పనితనం తేడా ఒక్కటే చూస్తే తప్పంతా మేస్త్రీలదే అనిపిస్తుంది. రెండూ కలిపి చూడాలి. తక్కువ రేటుకు వచ్చినవాళ్లే ఎక్కువ రోజులు తీసుకున్నారంటే రెండింటికీ మూలం ఒకే నిర్ణయం కావచ్చు. అవునో కాదో హాజరు పుస్తకం చెప్పాలి.

పాత మొజాయిక్ తీసేసరికి తూర్పు గోడ వెంట నేల రెండంగుళాలు కుంగి ఉంది. దాన్ని సమం చేయడానికి 3 రోజులు పట్టాయి. ఏ మేస్త్రీ వచ్చినా ఆ పని తప్పేది కాదు, ముందుగా కనిపించే అవకాశమూ లేదు. అందుకే ఆ 3,600ను మన చేతిలో లేని ఖర్చుగా పక్కన పెట్టాం.

మిగిలిన 9 రోజుల కథ వేరు. కర్రతో తట్టి చూస్తే 38 టైల్స్ కింద బోలుగా శబ్దం వచ్చింది. వాటిని లేపి మళ్లీ వేయడానికి 3 రోజులు పోయాయి. మిగతా 6 రోజులు పని నెమ్మదిగా సాగినందువల్ల పట్టినవే. రోజుకు సగటున సుమారు 52 అడుగులే పడ్డాయి. ఈ 9 రోజుల విలువ 10,800. రేటులో మిగిలిన 5,200 తీసేస్తే 5,600. టైల్స్ లేపేటప్పుడు పగిలినవాటికి కొన్న రెండు పెట్టెల ఖర్చు 1,600. ఇది కూలి లెక్కలో కనిపించదు కానీ ఆ బేరం వల్ల వచ్చినదే. మొత్తం 7,200 మన చేతిలో ఉన్న ఖర్చు. దీనికి కమిటీదే బాధ్యత.

పండగకు మేస్త్రీలు ఊళ్లకు వెళ్లిపోయి ఊరంతా కూలి రేటు పెరిగి ఉంటే ఇలా అనలేం. ఇక్కడ 1,200కు అనుభవమున్నవాళ్లు దొరికారు, వద్దనుకున్నాం.

హాజరు పుస్తకం, బిల్లులు, కుంగిన నేల ఫోటోలు హాలు అల్మారాలో ఉన్నాయి. ఆదివారం ఉదయం వచ్చి ఎవరైనా చూడవచ్చు. మిగిలిన 9,700ను హాలు మరమ్మతుల ఖాతాలో జమ చేశాం.