ఎముక దగ్గర ఆగిన చువ్వ

కావలి,
ఆదివారం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైనా ముహూర్తాల హడావుడిలో జవాబు రాయలేకపోయాను. మా హోటల్లో కొత్తగా చేరిన కందుకూరు కుర్రాడు ఎలాంటివాడని అడిగావు కదా, పోయిన ఆదివారం రాత్రి జరిగింది చెబుతాను, నువ్వే తేల్చుకో.

ఆ రాత్రి ఒక పెళ్లి బస్సు వస్తుందని ముందే కబురు ఉంది. డీప్ ఫ్రీజర్‌లోని లెగ్ పీసులను శనివారమే మామూలు ఫ్రిజ్‌లోకి మార్చవలసింది, ఎందుకంటే రెండున్నర కిలోల ముద్ద అక్కడ కరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ సంగతి అందరమూ మరిచిపోయాము. చివరికి సాయంత్రం నాలుగింటికి ఓనరు గారే వాటిని వేడినీళ్ల టబ్బులో వేయించారు.

ఎనిమిదింటికి బస్సు దిగిన నలభై మందిలో సగం మంది చికెన్ వేపుడే అడిగారు. కుర్రాడు టబ్బులోంచి ఒక ముక్క తీసి నొక్కి చూశాడు. పైన గోరువెచ్చగా, జిగటగా ఉన్న ఆ ముక్కలోకి ఇనుప చువ్వ గుచ్చితే అది ఎముక దగ్గర మంచుకు తగిలి టక్కున ఆగిపోయింది. "ఇది నేను వేపను అన్నా" అన్నాడు.

"కాగే నూనెలో పడ్డాక ఏ పురుగు బతుకుతుందిరా?" అని ఓనరు గారు గద్దించారు. నిజం చెప్పాలంటే, నేను కూడా అప్పుడు ఆయన మాటే సబబనుకున్నాను.

కుర్రాడు వాదించకుండా ఒక్క ముక్క బాణలిలో వేశాడు. కాసేపటికి పైన చక్కగా ఎర్రబడింది, కానీ ఎముక పక్కన థర్మామీటరు సూది గుచ్చితే 41 డిగ్రీలే చూపింది. అక్కడ 75 రావాలట. అతను రంగును నమ్మడు. ఫ్రీజర్ కోడి బాగా ఉడికినా ఎముక దగ్గర మూలుగ వల్ల ఎర్రగానే కనిపించవచ్చునట. ఇంకాసేపు వేపుదామా అని నేనడిగితే, పైభాగం నాలుగు గంటలు గోరువెచ్చగా నానిందని, అంతసేపట్లో కొన్ని రకాల క్రిములు వదిలే విషం మరిగే నూనెకు కూడా విరగదని చెప్పాడు.

పన్నెండు కిలోలు పారబోశాము. టబ్బు నీళ్లు చిందిన ఉల్లిపాయ ముక్కలను కూడా అతను వదల్లేదు, కత్తిపీటను సబ్బుతో రెండుసార్లు కడిగించాడు. బస్సువాళ్లకు పొద్దున కాచిన చేపల పులుసు, గుడ్డు వేపుడు వడ్డించాము. కొందరు పులుసు మెచ్చుకున్నారు గానీ, ఆరుగురు మాత్రం విసుక్కుంటూ లేచి పక్క హోటల్‌కు వెళ్లిపోయారు.

నిన్న రాత్రి కొట్టు కట్టే వేళకు ఓనరు గారు ఫ్రీజర్‌లోంచి ముద్దలు తీసి, నీళ్లు కారి కింద దేనిమీదా పడకుండా లోతైన ట్రేలో పెట్టి, ఫ్రిజ్ అట్టడుగు అరలో స్వయంగా సర్దడం చూశాను. కుర్రాడితో మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.

నీ
మిత్రుడు