పులిహోరను ఫాయిల్‌లో చుట్టనివ్వకండి: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారాలు. నేను పలాస వైపు క్యాటరింగ్ చేస్తాను. పెళ్లిళ్లకు, అన్నదానాలకు వంటతో పాటు పొట్లాలు కట్టివ్వడం కూడా మా పనే. పండగలకు భక్తులకు పులిహోర పంచే దాతలు ఈ మధ్య అల్యూమినియం ఫాయిల్ అడుగుతున్నారు. ప్లాస్టిక్ వద్దన్నారు కాబట్టి ఫాయిల్ అయితే మంచిదేనని వాళ్ల నమ్మకం. పులిహోర విషయంలో అది తప్పు.

గాలి తగలగానే అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. లోపలి లోహాన్ని కాపాడేది ఆ పొరే. చింతపండు పులుపు దాన్ని కరిగిస్తుంది, ఉప్పు అక్కడక్కడ తినేస్తుంది, వేడి ఆ రెండు పనులనూ తొందర చేస్తుంది. తెల్లవారుజామున మూడు గంటలకు పొగలు కక్కే పులిహోరను ఫాయిల్‌లో చుట్టి, అట్టపెట్టెల్లో పేర్చి, పది గంటలకు పంచుతారనుకుందాం. ఆ ఏడు గంటలూ పులుపు, ఉప్పు, వేడి కలిసి లోహం మీద పనిచేస్తూనే ఉంటాయి. పొట్లం విప్పాక అన్నం తగిలిన వైపు చూడండి. మెరుపు పోయి బూడిద రంగు మచ్చలు ఉంటాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒక్కోసారి సూదిమొనంత చిల్లులు కూడా కనిపిస్తాయి. అక్కడ పోయిన లోహం అన్నంలోకే చేరింది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒక పొట్లంతో ఏమీ కాదు, కిడ్నీలు ఆ లోహాన్ని బయటికి పంపేస్తాయి. కానీ మనది ఉద్దానం ఉన్న జిల్లా. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ రోగులున్నారో మీకు తెలుసు. ఆ జబ్బుకు ఫాయిల్ కారణమని నేను అనడం లేదు. కిడ్నీ పాడైనవాళ్ల ఒంట్లో అల్యూమినియం బయటికి పోక పేరుకుపోతుందనే అంటున్నాను. డయాలసిస్ నీళ్లలోని అల్యూమినియం వల్ల రోగుల మెదడు, ఎముకలు దెబ్బతిన్న సంగతి 1970లలోనే వైద్యులు గుర్తించారు. ప్రసాదం పంచేటప్పుడు ఎవరి కిడ్నీ ఎలా ఉందో అడగలేం కదా. పొడి చపాతీలకు ఫాయిల్ వాడుకోవచ్చు. పులిహోర, నిమ్మకాయ అన్నం, టమాటా కూర మాత్రం అందులో పెట్టకూడదు.

ఫాయిల్ వద్దంటే కొందరు క్లింగ్ ఫిల్మ్ తెస్తారు. వేడి పదార్థానికి అది అసలే పనికిరాదు. పీవీసీ ఫిల్మ్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు నూనెలోకి తేలిగ్గా దిగుతాయి, వేడికి ఇంకా ఎక్కువగా దిగుతాయి. అప్పుడే మూకుడులోంచి తీసిన పునుగులకు తగిలితే ఆ ఫిల్మ్ ముడుచుకుని అంటుకుపోతుంది.

పునుగులు, బజ్జీలకు సరైనది బటర్ పేపర్. అయితే ఆ పేరుతోనే మైనం పూసిన కాగితం కూడా అమ్ముతారు, వేడి తగిలితే ఆ మైనం కరుగుతుంది. గోరుతో గీసి చూస్తే తెలిసిపోతుంది: తెల్లని గీత పడి గోటికి మైనం అంటుతుంది. అనుమానం తీరకపోతే మరిగే నీళ్లలో చిన్న ముక్క వేయండి, పైన జిడ్డు తేలుతుంది. మైనం లేని మంచి కాగితం నూనెను బాగా ఆపుతుంది కానీ, తడి అన్నం గంటల తరబడి ఉంటే చాలా రకాలు నానిపోతాయి.

అందుకే పులిహోరకు నేను ఆకునే నమ్ముతాను. అరిటాకు వెనక ఈనె పలచగా చెక్కి, కడిగి తుడిచి, మంట మీద ఒకసారి ఇటూ అటూ చూపిస్తే ముదురు ఆకుపచ్చగా మెరిసి మెత్తబడుతుంది. ఇక మడిచినా చిట్లదు. మడతల్లోంచి కొంత ఆవిరి పోతుంది కాబట్టి, ఫాయిల్‌లోలాగా నీరు కారి అన్నం చెమర్చదు. అరిటాకు దొరకని రోజుల్లో సీతంపేట కొండల నుంచి వచ్చే అడ్డాకులు ఉన్నాయి. పైన తెల్ల కాగితం చుట్టి దారంతో కట్టాలి. స్టాప్లర్ పిన్ను అన్నంలో పడితే గొంతుకే ప్రమాదం. న్యూస్‌పేపర్‌ను 2018 నాటి ఆహార ప్యాకింగ్ నిబంధనలే నిషేధించాయి.

ఆకు వాడినా అన్నం పాడవదని కాదు. వేడి అన్నాన్ని కుప్పగా పేర్చితే మధ్యలో గోరువెచ్చగా చాలాసేపు ఉండి, దానిలో విషం తయారుచేసే బాక్టీరియా పెరుగుతుంది. పళ్లెంలో ఆరబోసి ఆవిరి పోయాక కట్టి, రెండు గంటల్లోపు పంచేయాలి. పంచే చోటికి దగ్గర్లోనే వండితే ఇది కష్టం కాదు.

అన్నదానాలకు, ప్రసాదాల పంపిణీకి అనుమతి ఇచ్చేటప్పుడు ఆ కాగితంలో ఒక్క మాట చేర్చమని మా మనవి: పుల్లని వేడి పదార్థాలను ఫాయిల్‌లోగానీ ఫిల్మ్‌లోగానీ చుట్టరాదు. దాంతోపాటు సీతంపేట వైపు అడ్డాకులు కుట్టే ఆడవాళ్ల దగ్గర ఆకులు పండగకు ముందే కొని, మాలాంటివాళ్లకు కొన్న ధరకే ఇప్పించండి. ఆకు సమయానికి దొరకదనే భయంతోనే చాలామంది ఫాయిల్ కొంటున్నారు.

ఇట్లు,
పలాస నుంచి ఒక క్యాటరింగ్ వంటమనిషి