ఐడీ తీసేసే ముందు మా మాట కూడా వినండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఉప్పల్‌లో ఉంటాను. సొంత కారు ఎల్లో ప్లేట్ మీద పెట్టుకుని హైదరాబాద్‌లో యాప్ క్యాబ్ నడుపుతున్నాను. ఒకరోజు పొద్దున డ్యూటీ ఆన్ చేయబోతే, ప్రయాణికుల ఫిర్యాదులు, రేటింగ్ కారణంగా నా ఖాతాను శాశ్వతంగా నిలిపివేశామని స్క్రీన్ మీద రెండు లైన్లు వచ్చాయి. ఏ ట్రిప్, ఏ ఫిర్యాదు అన్నది అందులో లేదు. ఎవరిని కలవాలో కూడా లేదు. కారు కిస్తీ మాత్రం నెలనెలా కట్టాల్సిందే. నా ఐడీని మరొకసారి పరిశీలించమని కంపెనీని కోరుతున్నాను. ఈ నగరంలో వేల మంది నాలాగే బతుకుతున్నారు కాబట్టి ఈ విషయం పత్రికలో రావాలని మీకు రాస్తున్నాను.

రేటింగ్ ఎలా లెక్కిస్తారో క్యాబ్ ఎక్కేవాళ్ళలో చాలామందికి తెలియదు. మా యాప్‌లో ఆఖరి 500 మంది ఇచ్చిన స్టార్ల సగటే డ్రైవర్ రేటింగ్. స్టార్ ఇవ్వకుండా దిగిపోయినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. సుఖంగా ఇంటికి చేరిన మనిషి బ్యాగు తీసుకుని దిగి వెళ్ళిపోతాడు, ఫోన్ తీసి స్టార్ నొక్కాలన్న ధ్యాస ఉండదు. కోపం వచ్చిన మనిషి మాత్రం తప్పకుండా నొక్కుతాడు. మా యాప్‌లో 4.6 కిందికి పడితే హెచ్చరిక వస్తుంది. వినడానికి 4.6 అంటే పెద్ద మార్కులాగే ఉంటుంది. కానీ ఒక్కరు సింగిల్ స్టార్ ఇస్తే, సగటు 4.6 దగ్గర నిలబడాలంటే 9 మంది ఫైవ్ స్టార్ ఇవ్వాలి. తొమ్మిది ఐదులు నలభై ఐదు, దానికి ఒకటి కలిపితే నలభై ఆరు, పదితో భాగిస్తే 4.6. అందులో ఇద్దరు "బాగానే ఉంది" అనుకుని నాలుగు స్టార్లు ఇచ్చినా ఆ లెక్క కింద పడిపోతుంది. నాలుగు స్టార్లు ఇచ్చినవాళ్ళు మమ్మల్ని మెచ్చుకున్నామనే అనుకుంటారు. అది మాకు నష్టం చేస్తుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఆ స్టార్లు దేనికి పడతాయన్నది ఇంకో సమస్య. ఎండాకాలంలో ఏసీ గొడవలు ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో ఈ నగరంలో క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' అని నిరసన చేసిన సంగతి పత్రికల్లోనే వచ్చింది. యాప్ ఇచ్చే కిలోమీటరు రేటులో ఏసీ ఖర్చు గిట్టుబాటు కాదన్నదే అప్పటి గొడవ. ఛార్జీ పెట్టేది కంపెనీ. కోపం చూపించేది ప్రయాణికుడు. స్టార్ పోయేది డ్రైవర్‌కి. మ్యాప్ సంగతీ అంతే. కొండాపూర్, నల్లగండ్ల వైపు పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో పిన్ ఒక గేటు దగ్గర పడుతుంది, ప్రయాణికుడు ఇంకో గేటు దగ్గర నిలబడి ఉంటాడు. చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ఆయనకు ఆఫీసు టైమ్ దాటిపోతుంది. దిగేటప్పుడు సింగిల్ స్టార్ పడుతుంది. డ్రైవర్ ప్రవర్తనకు, ఛార్జీకి, మ్యాప్‌కి, రద్దీ వేళ రేటు పెంచే సర్జ్‌కి కలిపి ఒకే మార్కు వేయించి, ఆ మార్కుతో డ్రైవర్ ఒక్కడినే శిక్షించడం న్యాయం కాదు.

నా విషయంలో ఏ ఫిర్యాదు దెబ్బ తీసిందో కచ్చితంగా చెప్పలేను, ఎందుకంటే వాళ్ళు చెప్పలేదు. నాకు అనుమానం ఉన్న ట్రిప్ ఒకటి ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి మియాపూర్. ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలి వరకు వచ్చి దిగాం. కొండాపూర్ దాటుతుండగా ప్రయాణికుడు, పక్క కాలనీలో బంధువుల ఇంటి ముందు ఆపమన్నారు, పదిహేను నిమిషాల్లో వస్తానన్నారు. "సార్, యాప్‌లో స్టాప్ యాడ్ చేయండి, వెయిటింగ్ దాంట్లోనే లెక్క అవుతుంది" అన్నాను. "అంత మాత్రానికి యాడ్ చేయాలా, నువ్వు ఆపలేవా" అన్నారు. యాడ్ చేయకుండా ట్రిప్ దారి తప్పితే ఆ ప్రశ్న కూడా నాకే వస్తుంది, అదే ఆయనకు చెప్పాను. చివరికి ఆపకుండానే మియాపూర్‌లో దింపాను. టోల్‌తో కలిపి బిల్లు చూసి ఆయన ముఖం ఇంకా మారింది. ఏమీ అనకుండా దిగి వెళ్ళిపోయారు. మర్నాడే నాకు "ప్రమాదకరంగా నడిపారని ఫిర్యాదు వచ్చింది" అని హెచ్చరిక వచ్చింది.

ప్రమాదకరంగా నడిపానా లేదా అన్నది నా మాట, ఆయన మాట మధ్య తేలాల్సిన పని కాదు. ట్రిప్ మొదలైన దగ్గర నుంచి ముగిసే దాకా నా ఫోన్ జీపీఎస్ ద్వారా కారు ఎక్కడ ఉంది, ఎంత వేగంతో పోతోంది అన్నది కంపెనీ దగ్గర ఉంటుంది. సడన్‌గా బ్రేక్ కొడితే ఫోన్‌లోని సెన్సార్ దాన్ని కూడా పట్టుకోగలదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కిన టైమ్, దిగిన టైమ్ టోల్ రికార్డులో ఉంటాయి. శంషాబాద్ నుంచి గచ్చిబౌలికి సుమారు 22 కిలోమీటర్లు. ఆ దూరానికి 20 నిమిషాలు పట్టిందంటే సగటు వేగం గంటకు 66 కిలోమీటర్లు. సగటు చూసి మధ్యలో ఎక్కడా వేగం పెంచలేదని చెప్పలేం, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అందుకే యాప్ దగ్గర ఉన్న పూర్తి జాడ తెరిచి చూడమంటున్నాను. పది నిమిషాల పని. అందులో అతివేగం కనిపిస్తే నన్ను శిక్షించండి. కనిపించకపోతే ఆ ఫిర్యాదును నా పేరు మీద నుంచి తీసేయండి.

ఆ రికార్డు నా దగ్గర లేదు. ఐడీ బ్లాక్ కాగానే నా ట్రిప్ హిస్టరీ కూడా మూతపడింది. తేదీలు, దూరాలు, ప్రయాణికులు మెచ్చుకుంటూ రాసిన మాటలు, వెయిటింగ్ టైమ్, అన్నీ అటువైపే ఉండిపోయాయి. అప్పీల్ చేసుకోమంటారు, అప్పీల్‌లో రాయడానికి కావాల్సిన కాగితం మాత్రం వాళ్ళే లాక్కుంటారు. యాప్‌లో సపోర్ట్‌కి రాస్తే ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది. ఆఫీసుకు వెళ్తే టోకెన్ ఇచ్చి కూర్చోబెడతారు. కౌంటర్‌లో ఉన్న తమ్ముడు పాపం మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, ఇది బ్యాకెండ్ టీమ్ నిర్ణయం, మాకు మీ ఫిర్యాదు కనపడదు కూడా" అన్నాడు. ఆ బ్యాకెండ్ టీమ్ ఎక్కడ కూర్చుంటుందో అతనికీ తెలియదు.

ప్రయాణికుల భద్రత మాటేమిటని పాఠకులు అడగవచ్చు. నాకూ ఎదిగిన కూతురు ఉంది, రాత్రి పూట క్యాబ్‌లోనే ఇంటికి వస్తుంది. ఒక మహిళ తనతో డ్రైవర్ అసభ్యంగా ప్రవర్తించాడని చెప్పినా, తాగి నడిపాడని ఎవరైనా చెప్పినా, ఆ నిమిషంలోనే ఐడీ ఆపాలి. దాంట్లో నోటీసు, గడువు అని బేరం ఆడకూడదు. అయితే విచారణ అయ్యేదాకా ఆపడం వేరు, విచారణే లేకుండా శాశ్వతంగా తీసేయడం వేరు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు డ్రైవర్‌కి తెలియకూడదన్నదీ సబబే, ఇంటి అడ్రస్ మాకు తెలుసు కాబట్టి వాళ్ళకు భయం ఉంటుంది. అలాంటి కేసుల్లో ట్రిప్ వివరం నాకు చెప్పొద్దు. కంపెనీతో సంబంధం లేని ఒక అధికారి రికార్డు చూసి, నన్ను పిలిచి అడిగి తేల్చవచ్చు. ఏసీ, రూటు, స్టాప్, టోల్ లాంటి ఫిర్యాదులకు మాత్రం ఆ గోప్యత అవసరం లేదు. అవి తేదీతో సహా మాకు చెప్పాలి.

ఇప్పటి పద్ధతి వల్ల ప్రయాణికులకు జరుగుతున్న నష్టం ఒకటుంది, అది బయటికి రావడం లేదు. ఐడీ పోయిన డ్రైవర్లలో కొందరు కిస్తీ ఆగక, బావమరిదిదో, స్నేహితుడిదో ఐడీ అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. యాప్‌లో ఒక ఫొటో, స్టీరింగ్ దగ్గర ఇంకో మనిషి. నన్ను కూడా అడిగారు, నేను ఒప్పుకోలేదు. రేపు ఏదైనా జరిగితే ఎవరు నడిపారో పోలీసులకు కూడా వెంటనే తెలియదు. న్యాయంగా తిరిగి రావడానికి ఒక దారి తెరిచి ఉంటే ఆ దొంగదారి తొక్కేవాళ్ళు తగ్గుతారు.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. యాప్ క్యాబ్ కంపెనీల కోసం కేంద్రం 2020 నవంబర్‌లో ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాలే, రేటింగ్‌లో అందరికంటే అడుగున ఉన్న 2 శాతం డ్రైవర్లకు మళ్ళీ శిక్షణ ఇవ్వాలన్నాయి. అంటే రేటింగ్ పడిపోతే ముందు నేర్పించమనే కదా. పక్కనున్న కర్ణాటక 2025లో, మాలాగా యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికుల కోసం చట్టం చేసింది. రాతపూర్వకంగా కారణం చెప్పి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా కార్మికుణ్ణి తీసేయకూడదని అందులో ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. సంక్షేమ నిధి, రిజిస్ట్రేషన్, బీమా గురించి దాని మీద చాలా చర్చ జరిగింది. మంచిదే. కానీ ఐడీయే లేని డ్రైవర్‌కి బీమా దేనికి? ఆచరణకు వచ్చేసరికి ఐడీ తీసేసే విషయంలో నోటీసు గడువు మన దగ్గర కర్ణాటక కంటే తక్కువ ఉండకూడదు. ఐడీ ఆపిన తర్వాత కూడా కనీసం మూడు నెలలు డ్రైవర్ తన ట్రిప్ హిస్టరీ చూసుకోగలగాలి. అప్పీల్‌ని ఒక మనిషి విని, సంతకం పెట్టి జవాబు ఇవ్వాలి. ఈ మూడూ నిబంధనల్లో రాయమని కార్మిక శాఖను, రవాణా శాఖను కోరుతున్నాను.

ఇక నా ఐడీ సంగతి. నా మీద వచ్చిన ఫిర్యాదులన్నీ, ఆ ట్రిప్పుల జీపీఎస్ జాడతో సహా ఒక అధికారి ముందు పెట్టి, నన్ను పిలిచి అడగమని కంపెనీని కోరుతున్నాను. శిక్షణకు రమ్మంటే వస్తాను. కారులో కెమెరా పెట్టుకోమంటే నా ఖర్చుతోనే పెట్టుకుంటాను. కిస్తీలు తప్పి ఫైనాన్స్‌వాళ్ళు బండి తీసుకెళ్ళాక ఐడీ తిరిగి ఇచ్చినా నాకు ఉపయోగం లేదు, కాబట్టి ఈ పని ఈ నెలలోనే జరగాలి.

ఇట్లు,
ఒక క్యాబ్ డ్రైవర్,
ఉప్పల్, హైదరాబాద్