అదే స్కూలు, అదే కార్డు, ఒకసారి ఫీజు పడింది ఒకసారి పాయింట్లు పడ్డాయి

ప్రిన్సిపల్ నోడల్ ఆఫీసర్ గారికి,
క్రెడిట్ కార్డ్ విభాగం

తేదీ: 27 అక్టోబర్ 2025

విషయం: జూన్‌లో కట్టిన స్కూల్ ఫీజు మీద మీరు వేసిన 1 శాతం ఛార్జీ, రాని రివార్డ్ పాయింట్లు, మాఫీ కాని యాన్యువల్ ఫీ గురించి. ఇది మూడో కంప్లైంట్.

నమస్తే అండి,

ముందు రెండు కంప్లైంట్లకీ మీవాళ్ళు పంపింది ఒకటే పేరా. కామా కూడా మారలేదు. "మీ లావాదేవీ థర్డ్ పార్టీ ద్వారా జరిగిన ఎడ్యుకేషన్ పేమెంట్ కాబట్టి ఛార్జీ సరైనదే" అని పెట్టి టికెట్ క్లోజ్ చేసేశారు. ఆ థర్డ్ పార్టీ ఎవరు, ఎలా డిసైడ్ చేశారు అని నేను అడిగిన ప్రశ్నకి మాత్రం ఇప్పటిదాకా జవాబు లేదు. అందుకే మీకు రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, దయచేసి పూర్తిగా చదవండి.

జూన్ 12న స్కూళ్ళు తెరిచారు. మాకు ఇద్దరు పిల్లలు, ఆరో క్లాసు, రెండో క్లాసు. ఇద్దరికీ కలిపి ఫస్ట్ టర్మ్, బస్సు, పుస్తకాలు అన్నీ 78,500 రూపాయలు. ఆ రోజు ఫీజు కౌంటర్ ముందు లైన్ మెట్ల దాకా ఉంది, లోపల మేడమ్ "స్వైపింగ్ మిషన్‌లో రోల్ అయిపోయిందమ్మా, మన వెబ్‌సైట్‌లో కట్టేయండి, రసీదు వెంటనే వస్తుంది" అంది. సరే అని అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో స్కూల్ వెబ్‌సైట్ తెరిచి, పే ఫీజు బటన్ నొక్కి, పిల్లల అడ్మిషన్ నంబర్లు కొట్టి కట్టేశా. పైన స్కూల్ లోగో, కింద మా పిల్లల పేర్లు, సెక్షన్‌తో సహా. మధ్యలో నేను డౌన్‌లోడ్ చేసుకున్న యాప్ ఏదీ లేదు.

అక్కడ కన్వీనియెన్స్ ఫీ అని 1 శాతం, అంటే 785, దాని మీద 18 శాతం జీఎస్టీ 141.30, మొత్తం 926.30 కలిపారు. ఇది నాకు కట్టే ముందే స్క్రీన్ మీద కనపడింది, ఓకే కొట్టింది నేనే, కాబట్టి దాని గురించి మీ మీద నాకు గొడవ లేదు. (స్కూల్ వాళ్ళ మీద ఉంది, అది వేరే లెటర్.) కార్డు మీద 79,426.30 పడింది, మీ ఎస్ఎంఎస్ కూడా అంతే చూపించింది, ఇంకో ఛార్జీ పడుతుందన్న మాట అందులో ఎక్కడా లేదు.

జూలై 5 స్టేట్‌మెంట్ చూస్తే EDU PYMT FEE అని 794.26, దాని కింద జీఎస్టీ 142.97. కలిపితే 937.23. లెక్క చూసుకుంటే ఇంకో విచిత్రం తేలింది, మీరు 1 శాతం వేసింది 78,500 మీద కాదు, 79,426.30 మీద. అంటే అవతలివాళ్ళు తీసుకున్న కన్వీనియెన్స్ ఫీ మీద, వాళ్ళు కట్టించుకున్న జీఎస్టీ మీద కూడా మీ ఫీజు వేసి, ఆ ఫీజు మీద మళ్ళీ జీఎస్టీ. తేడా పదకొండు రూపాయలే అనుకోండి, కానీ ఫీజు మీద ఫీజు అంటే నాకైతే ఒళ్ళు మండింది.

రివార్డ్ పాయింట్లు సున్నా. నా కార్డుకి వంద రూపాయలకి 2 పాయింట్లు, పాయింటుకి 25 పైసలు, అంటే 1,588 పాయింట్లు రావాలి, వాటి విలువ 397 రూపాయలు. నిజం చెప్పాలంటే పాయింట్ల కోసమే కార్డు గీకేంత పిచ్చిదాన్ని కాదు, 926 రూపాయలు ఫీజు కట్టి 397 రూపాయల పాయింట్లు ఎవరు కొనుక్కుంటారు? నేను కార్డు వాడింది యాన్యువల్ ఫీ కోసం. కార్డ్ ఇయర్‌లో 3 లక్షలు ఖర్చు పెడితే 2,500 రూపాయల యాన్యువల్ ఫీ మాఫీ అని మీరే అన్నారు. నా కార్డ్ ఇయర్ జూన్ 30కి అయిపోతుంది, అప్పటికి నా ఖర్చు 2,41,310. ఈ ఫీజుతో 3,20,736 అయింది, దాటేశాం అని మా ఆయనకి కూడా చెప్పా. జూలై స్టేట్‌మెంట్‌లో యాన్యువల్ ఫీ జీఎస్టీతో కలిపి 2,950 దర్జాగా వచ్చి కూర్చుంది. ఫోన్ చేస్తే ఆ స్కూల్ ఫీజు ఎలిజిబుల్ స్పెండ్స్‌లో లెక్కకి రాదు అన్నారు. ఆపితే వడ్డీ పడుతుందేమో అని భయపడి అదీ కట్టేశా. అంటే మీ వైపు నుంచి నాకు పోయింది 937.23, 397, 2,950, మొత్తం 4,284.23. ఇదే ఫీజు యూపీఐలోనో నెఫ్ట్‌లోనో కట్టుంటే ఇందులో యాన్యువల్ ఫీ ఒక్కటే నెత్తిన పడేది, ఇంకో పది పన్నెండు రోజుల్లో మిగతా 59 వేలు సామాన్లకో ఇన్సూరెన్స్‌కో గీకి దాన్ని కూడా తప్పించుకునేదాన్ని, లెక్కకి రాదని ముందే తెలిస్తే.

ఇప్పుడు అసలు విషయం. మీ నిబంధనల పేజీలో ఏముందో నేను స్క్రీన్‌షాట్ తీసి జత చేస్తున్నా. థర్డ్ పార్టీ యాప్‌ల ద్వారా చేసే ఎడ్యుకేషన్ పేమెంట్లకి 1 శాతం ఛార్జీ ఉంటుంది, స్కూల్ లేదా కాలేజ్ సొంత వెబ్‌సైట్‌లో గానీ వాళ్ళ స్వైపింగ్ మిషన్ మీద గానీ నేరుగా కడితే ఛార్జీ ఉండదు అని మీరే రాశారు. నేను కట్టింది స్కూల్ సొంత వెబ్‌సైట్‌లో. అయితే ఆ వెబ్‌సైట్ వెనకాల ఫీజు వసూలు చేసిపెట్టే ఒక కంపెనీ ఉంది, స్టేట్‌మెంట్‌లో స్కూల్ పేరుకి బదులు ఆ కంపెనీ పేరు పడింది. నాకు అర్థమైనంతవరకు గొడవంతా ఈ పేరు దగ్గరే వచ్చింది. స్కూల్ వాళ్ళు సొంతంగా పేమెంట్ గేట్‌వే కట్టుకోరు కదండీ, ఎవరో ఒకరిని పెట్టుకుంటారు, అది తల్లిదండ్రులకి ఎలా తెలుస్తుంది?

ఆగస్టులో మీ కస్టమర్ కేర్ అబ్బాయితో నలభై నిమిషాలు మాట్లాడా. పాపం మంచిగానే మాట్లాడాడు. ఈ లావాదేవీకి మర్చంట్ కోడ్ ఏం పడిందో చూసి చెప్పు బాబూ అంటే 8211 అన్నాడు. అది స్కూళ్ళకి ఇచ్చే కోడ్. మరి కోడ్ స్కూల్‌ది అయినప్పుడు థర్డ్ పార్టీ ఎలా అయింది అంటే, "ఆ మర్చంట్ పేరు మా లిస్ట్‌లో ఉంది మేడమ్" అన్నాడు. ఆ లిస్ట్ ఎక్కడ ఉంది, నేను చూడొచ్చా అంటే అది ఇంటర్నల్ అట. అంటే నేను ఏ నియమం కింద ఛార్జీ కడుతున్నానో దానికి ఆధారమైన కాగితం నాకు చూపించరు. కోడ్ కార్డుదారుకి కనపడదు, లిస్ట్ కనపడదు, ఎస్ఎంఎస్‌లో ఛార్జీ కనపడదు, స్టేట్‌మెంట్‌లో మాత్రం కనపడుతుంది.

ఇది నా ఊహ కాదు అనడానికి ఒక రుజువు కూడా ఉంది. సెప్టెంబర్ 16న సెకండ్ టర్మ్ 46,000 కట్టడానికి ఈసారి పట్టుబట్టి కౌంటర్‌కే వెళ్ళి, రోల్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడిగి మరీ మిషన్ మీద గీకా. అదే స్కూలు, అదే కార్డు, అవే పిల్లలు. అక్టోబర్ 5 స్టేట్‌మెంట్‌లో స్కూల్ పేరే పడింది, ఛార్జీ లేదు, 920 పాయింట్లు వచ్చాయి. మరి జూన్‌లో కట్టింది ఏ స్కూల్‌కి అంటారు?

అద్దె విషయం వేరే, దాన్నీ దీన్నీ కలిపి చూడొద్దు. రెండేళ్ళ కిందట జీతం ఆలస్యమైన రెండు నెలలు ఒక యాప్‌లో 22,000 అద్దె మీ కార్డుతో కట్టా, యాప్ ఫీజు, మీ ఫీజు, పాయింట్లు లేవు, మూడూ తెలిసే కట్టా, ఒక్క మాట అనలేదు. అద్దె పేరుతో కొంతమంది చుట్టాల అకౌంట్లోకి డబ్బు పంపించుకుని తిప్పుకుంటున్నారని బ్యాంకులకి అనుమానం ఉంటే అందులో అర్థం ఉంది, ఇంటి ఓనర్ మర్చంట్ కాదు, అతని ఖాతాని ఎవరూ షాపులా పరిశీలించి చేర్చుకోలేదు. మొన్న సెప్టెంబర్ 15న ఆర్‌బీఐ పేమెంట్ అగ్రిగేటర్లకి కొత్త రూల్స్ తెచ్చి, తాము నేరుగా చేర్చుకున్న మర్చంట్లకే డబ్బు పంపాలి అన్నాక చాలా యాప్‌లు అద్దె సర్వీసే ఆపేశాయి. స్కూల్ అలా కాదు కదా. నేను అడ్మిషన్ నంబర్ కొట్టి కట్టిన డబ్బు స్కూల్ ఖాతాకి తప్ప మా తమ్ముడి ఖాతాకి పోదు, రసీదు మీద స్కూల్ సీలు నంబరు ఉంది. ఆ రసీదు, వెబ్‌సైట్ పేజీ స్క్రీన్‌షాట్, రెండు స్టేట్‌మెంట్లు జత చేశాను.

నేను అడిగేది ఇది. ఆ 937.23 వెనక్కి వేయండి, 1,588 పాయింట్లు వేయండి, ఆ ఖర్చుని కార్డ్ ఇయర్ లెక్కలో కలిపి 2,950 రివర్స్ చేయండి. కాదు, ఛార్జీ సరైనదే అంటే, ఈ లావాదేవీ మర్చంట్ కోడ్, మర్చంట్ పేరు, మీ ఏ నిబంధన కింద అది థర్డ్ పార్టీ అయిందో ఆ వాక్యం, ఆ నిబంధన నాకు ఏ తేదీన ఏ మెయిల్‌లో తెలియజేశారో, ఇవన్నీ రాతపూర్వకంగా ఇవ్వండి. బిల్లు మీద కస్టమర్ అభ్యంతరం చెప్తే గరిష్ఠంగా 30 రోజుల్లో వివరణ, అవసరమైన చోట కాగితాలతో సహా ఇవ్వాలని, ఛార్జీలు మారిస్తే కనీసం ఒక నెల ముందు చెప్పాలని క్రెడిట్ కార్డుల మీద 2022లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది. నా మొదటి కంప్లైంట్ జూలై 8న పెట్టా, రెండోది ఆగస్టు 2న. వివరణ అని మీరు పంపిన పేరాలో ఆ మర్చంట్ పేరు కూడా లేదు.

మీ కాల్ సెంటర్ నుంచి ఇంకోసారి ఫోన్ చేయించొద్దు, "ఒన్ టైమ్ గుడ్‌విల్‌గా 500 పాయింట్లు ఇస్తాం, క్లోజ్ చేద్దామా మేడమ్" అని ఆగస్టులో ఒకసారి అన్నారు, నాకు గుడ్‌విల్ వద్దు, లెక్క కావాలి. ఏం చెప్పినా మెయిల్‌లో చెప్పండి. నవంబర్ 26 దాకా చూస్తాను, అప్పటికి జవాబు రాకపోయినా, మళ్ళీ అదే పేరా వచ్చినా cms.rbi.org.in లో ఆంబుడ్స్‌మన్‌కి ఈ లెటర్‌నే జతలతో సహా పెట్టేస్తాను.

థర్డ్ టర్మ్ జనవరిలో కట్టాలి, ఈలోపు ఆ వెబ్‌సైట్‌లో కట్టొచ్చో లేదో కూడా చెప్తే మా క్లాస్ పేరెంట్స్ గ్రూప్‌లో పెడతాను, అక్కడ ఇంకో ఏడుగురికి మీ కార్డే ఉంది.

ఇట్లు,
మీ కార్డుదారు
మియాపూర్, హైదరాబాద్