డిబెంచర్ల ఈక్విటీ భాగం సున్నా ఎలా అయింది? 2024-25 ఖాతాలపై ఫిర్యాదు

గుంటూరు

కంపెనీ సెక్రటరీ గారికి,
రిజిస్టర్డ్ ఆఫీసు, విజయవాడ

విషయం: 8 శాతం ఆప్షనల్లీ కన్వర్టిబుల్ డిబెంచర్లను మొత్తంగా అప్పు కింద చూపడం గురించి

అయ్యా,

మీ కంపెనీ డిబెంచర్లు తీసుకున్న గుంటూరు వాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఆడిట్, అకౌంట్సు మా రోజువారీ పని. కాబట్టి మీ ఫైనాన్స్ విభాగం ఫోనులో చెప్పిన జవాబుతో సరిపెట్టుకోలేకపోయాం.

2024 ఏప్రిల్ 1న మీరు వంద రూపాయల డిబెంచర్లు 10 లక్షలు ఇచ్చి 10 కోట్లు తీసుకున్నారు. గడువు మూడేళ్లు, వడ్డీ ఏటా చివర్లో 8 శాతం. గడువు తీరిన రోజున మేము వంద రూపాయలు వెనక్కి తీసుకోవచ్చు, లేదా ఒక్కో డిబెంచరుకు రెండు షేర్లు తీసుకోవచ్చు. ఏది కావాలన్నది మా ఇష్టం. షేర్ల సంఖ్య ముందే ఖాయం, మార్కెట్ ధరను బట్టి మారదు. మీ నెట్‌వర్త్ 250 కోట్లు దాటింది కాబట్టి ఇండ్ ఏఎస్ అకౌంటింగ్ ప్రమాణాలు తప్పవు. ఇండ్ ఏఎస్ 32 ప్రకారం ఇలాంటి కాగితంలో రెండు వస్తువులు ఉంటాయి: డబ్బు కట్టాల్సిన బాధ్యత ఒకటి, ఖాయమైన సంఖ్యలో షేర్లు అడిగే హక్కు మరొకటి. మొదటిది అప్పు, రెండోది ఈక్విటీ. ఇచ్చిన రోజునే రెండింటినీ విడదీయాలి.

మీ బ్యాలెన్స్ షీటులో 10 కోట్లూ అప్పుల కిందే ఉన్నాయి. ‘అదర్ ఈక్విటీ’లో కాంపౌండ్ ఇన్‌స్ట్రుమెంట్ల ఈక్విటీ భాగం అనే వరుస ఉంది గానీ ఎదురుగా గీత మాత్రమే ఉంది. మీరు విడదీయలేదని కాదు. విడదీశారు, సున్నా వచ్చింది. నోట్సులో డిస్కౌంట్ రేటు 8 శాతం అని రాశారు. తప్పంతా అక్కడే ఉంది. 8 శాతం వడ్డీ ఇచ్చే కాగితాన్ని 8 శాతంతోనే డిస్కౌంట్ చేస్తే ముఖవిలువే తిరిగొస్తుంది. ఎన్నేళ్ల గడువైనా, ఎన్ని కోట్లయినా అంతే. అది లెక్క కాదు, ఇచ్చిందే మళ్లీ ఎత్తి రాయడం.

వాడాల్సింది మార్చుకునే హక్కు లేని ఇలాంటి అప్పుకే మార్కెట్ అడిగే రేటు. అదెంతో ఊహించాల్సిన పని కూడా లేదు. అదే నెలలో, మా డిబెంచర్లకు పెట్టిన గోడౌన్ల తాకట్టు మీదే, అదే మూడేళ్ల గడువుకు మీరే నాన్‌కన్వర్టిబుల్ డిబెంచర్లు ఇచ్చారు. వాటి వడ్డీ 12 శాతం. ఇంతకంటే దగ్గరి పోలిక ఏ వాల్యుయరూ తెచ్చివ్వలేడు.

‘మీరంతా 8 శాతానికి ఒప్పుకునే కదా వంద కట్టారు, కాబట్టి 8 శాతమే మార్కెట్ రేటు’ అన్నది మీ విభాగం వాదన. వంద కట్టింది మొత్తం కాగితానికి, అందులోని అప్పుకు కాదు. పక్కనే 12 దొరుకుతుంటే 8కి ఎవరైనా ఎందుకు వస్తారు? షేర్ల హక్కు కోసం ఏటా నాలుగు రూపాయలు వదులుకున్నారు. ఆ నాలుగు రూపాయలను మూడేళ్లకు 12 శాతంతో నేటి విలువకు తెస్తే రూ. 9.61 అవుతుంది. ఒక్కో డిబెంచరులో మేము ఆ హక్కుకు కట్టిన ధర అదే.

మామూలు పద్ధతిలో చూసినా అక్కడికే వస్తుంది. ఏటా 80 లక్షల వడ్డీకి నేటి విలువ 192.15 లక్షలు. మూడేళ్ల తర్వాత కట్టాల్సిన 1,000 లక్షలకు 711.78 లక్షలు. అప్పు భాగం 903.93 లక్షలు, మిగిలిన 96.07 లక్షలు ఈక్విటీ. ఈ వరుస తిరగేయకూడదు. ముందు బ్లాక్-షోల్స్ లెక్కతో హక్కుకు ధర కట్టి, మిగిలింది అప్పు అనడం ప్రమాణం ఒప్పుకోదు. అప్పు ముందు, ఈక్విటీ మిగులు. ఒకసారి విడదీశాక షేరు ధర పెరిగిందనో తగ్గిందనో ఆ విభజనను మళ్లీ కదపకూడదు.

ఇష్యూ ఖర్చు 20 లక్షల సంగతి కూడా చెప్పాలి. దాన్ని మొత్తంగా మొదటి ఏడాది లాభనష్టాల ఖాతాకు రాసేశారు. అది కూడా రెండు భాగాలకూ నిష్పత్తిలో పంచాల్సిన ఖర్చు: అప్పుకు 18.08 లక్షలు, ఈక్విటీకి 1.92 లక్షలు. అప్పుడు అప్పు 885.85 లక్షలతో మొదలవుతుంది, ఎఫెక్టివ్ వడ్డీ రేటు 12.82 శాతం దగ్గర తేలుతుంది.

ఈ రెండో తప్పు మొదటిదాన్ని కప్పేసింది. మొదటి ఏడాది ఖాతాకు రావాల్సిన ఫైనాన్స్ ఖర్చు 113.57 లక్షలు. మీరు 80 లక్షల వడ్డీ, 20 లక్షల ఇష్యూ ఖర్చు కలిపి 100 లక్షలు రాశారు. తేడా 13.57 లక్షలే కాబట్టి ఎవరి కంటా పడలేదు. రెండో ఏడాది ఆ ముసుగు ఉండదు. అప్పు 919.41 లక్షలకు పెరిగి ఉంటుంది, దాని మీద ఖర్చు 117.87 లక్షలు రావాలి. ఇదే పద్ధతి కొనసాగితే మీరు రాసేది 80 మాత్రమే. పన్నుకు ముందు లాభం దాదాపు 38 లక్షలు ఎక్కువ కనబడుతుంది, డివిడెండు ఆ అంకె చూసే ప్రకటిస్తారు. మరోవైపు అప్పు ఎక్కువగా, ఈక్విటీ తక్కువగా కనబడి డెట్-ఈక్విటీ నిష్పత్తి ఉన్నదానికంటే పాడుగా తేలుతోంది. ఇందులో మీకూ లాభం లేదు.

డిఫర్డ్ టాక్సు గురించి ఒక్క మాట. విభజన వల్ల పుట్టే తొలి పన్ను బాధ్యతను ఈక్విటీ భాగంలోంచే నేరుగా తగ్గించాలి, లాభనష్టాల ఖాతాలోంచి కాదు. సరిదిద్దేటప్పుడు ఇది మరిచిపోవడం మామూలే.

మేము కోరేవి ఇవి. ఇండ్ ఏఎస్ 8 ప్రకారం దీన్ని గత సంవత్సరపు పొరపాటుగా ఒప్పుకుని, 2025-26 ఖాతాలలో 2024-25 అంకెలను తిరగరాయండి. 12 శాతం రేటు ఎందుకు తీసుకున్నారో నోట్సులో రాయండి. డైల్యూటెడ్ ఈపీఎస్‌ను కూడా మళ్లీ కట్టండి, ఎందుకంటే అక్కడ లాభానికి తిరిగి కలపాల్సింది చెక్కు రాసిన 80 లక్షలు కాదు, పన్ను పోగా మిగిలే ఎఫెక్టివ్ వడ్డీ. 12 కాకుండా వేరే రేటే సరైనదని మీరు అనుకుంటే దాని ఆధారం పంపండి, చూస్తాం. 8 మాత్రం కాదు.

ఈ లేఖ నకళ్లు మీ ఆడిటర్లకు, డిబెంచర్ ట్రస్టీకి పంపుతున్నాం. 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. మా లెక్కల ఎక్సెల్ షీటు జత చేశాం. డిస్కౌంట్ రేటు గడిలో 8 పెట్టి చూడండి, ఈక్విటీ సున్నా అవుతుంది. 12 పెట్టండి, 96.07 వస్తుంది.

ఇట్లు,
డిబెంచరుదారులు, గుంటూరు